చేతికి కట్టుకున్న పట్టీ గురించి బుజ్జమ్మకు

అనంతపురం,
సోమవారం రాత్రి.

బుజ్జమ్మా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మెస్సు మూసేస్తారని గబగబా చెప్పి పెట్టేశావు. ఏడుపు మధ్యలో నువ్వన్న ఒక మాట మాత్రం నా చెవిలో అలాగే ఉండిపోయింది. "నేను కెప్టెన్‌ని కదా నాన్నా, రెఫరీని అడిగే హక్కు నాకుంది కదా!" అన్నావు. దానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఒక్కసారిగా చదవక్కర్లేదు. వచ్చే ఆదివారం మ్యాచ్ లోపు చదివితే చాలు.

ముందు ఆ హక్కు సంగతి. ఫుట్‌బాల్ నిబంధనల పుస్తకంలో మూడో నిబంధన ఆటగాళ్ల గురించి. అందులో కెప్టెన్ గురించి ఉన్నది చాలా తక్కువ. జట్టుకు మైదానంలో ఒక కెప్టెన్ ఉండాలి, గుర్తుగా చేతికి పట్టీ కట్టుకోవాలి. కెప్టెన్‌కు ప్రత్యేక హోదా గానీ ప్రత్యేక సౌకర్యాలు గానీ ఏవీ లేవు. జట్టు ప్రవర్తన విషయంలో మాత్రం కొంత బాధ్యత ఉంది. నేను కాలేజీలో రెండేళ్లు కెప్టెన్‌గా ఉండి కూడా ఈ వాక్యం చదవలేదు. రెఫరీతో గొడవ పడటానికి నాకు లైసెన్సు ఇచ్చారని అనుకున్నాను. నీకూ అదే అనిపించింది, అందులో ఆశ్చర్యం లేదు. టీవీలో చూసేదంతా అదే కదా. కానీ పుస్తకం చెప్పేది వేరే. నువ్వు నోరు జారితే మిగతా పదిమందికి పడినట్టే నీకూ ఎల్లో కార్డు పడుతుంది. పట్టీ అడ్డం రాదు.

ఇక నిన్నటి మ్యాచ్. నువ్వు చెప్పినదాన్ని వరసగా పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది. హాఫ్ టైమ్‌కు మీరు ఒక గోల్ ముందున్నారు. 52వ నిమిషంలో బంతి గట్టి నేల మీద ఎగిరి అవతలి జట్టులో హాఫ్‌గా, అంటే మధ్య వరుసలో ఆడే పిల్ల మోచేతికి తగిలింది. అక్కడి నుంచి జారి పక్కనున్న వాళ్ల ఫార్వర్డ్ ముందు పడింది, ఆ పిల్ల గోల్ కొట్టింది. రెఫరీ గోల్ ఇచ్చారు. మీరు అయిదుగురు చేతులూపుకుంటూ ఆయన మీదికి వెళ్లారు. మీ గోల్ ముందు కాపలా ఉండే స్టాపర్ గట్టిగా ఏదో అన్నందుకు ఎల్లో కార్డు పడింది. 63వ నిమిషంలో ఆ పిల్లే ఆలస్యంగా కాలు పెట్టి రెండో ఎల్లో తెచ్చుకుని బయటికి వెళ్లిపోయింది. పదిమందితో ఆడుతూ 80వ నిమిషంలో రెండో గోల్ ఇచ్చారు. ఆ బంతి మీ గోలీకి కనపడలేదన్నావు. "రెఫరీ మమ్మల్ని ఓడించాడు" అన్నావు.

కోప్పడకుండా విను తల్లీ. ఆ మొదటి గోల్ సరైనదే.

2019లో చేసిన మార్పు ప్రకారం దాడి చేస్తున్న జట్టులో ఎవరి చేతికి బంతి తగిలి, వెంటనే గోల్ అయినా, పొరపాటున తగిలినా సరే, గోల్ చెల్లేది కాదు. రెండేళ్లు అలా నడిచింది. 2021 జులై నుంచి దాన్ని మళ్లీ మార్చారు. ఇప్పుడు గోల్ కొట్టిన మనిషి చేతికే బంతి తగిలి నేరుగా లోపలికి వెళ్లినా, తగిలిన వెంటనే ఆ మనిషే కొట్టినా, పొరపాటైనా సరే గోల్ చెల్లదు. కానీ తోటి ఆటగాడి చేతికి పొరపాటున తగిలి, ఇంకొకరు కొడితే గోల్ చెల్లుతుంది. తెలిసి చేయి పెట్టినా, చేయి ఒంటికి దూరంగా చాచి అడ్డంగా పెట్టినా అది వేరే సంగతి, అప్పుడు ఫౌలే. నువ్వు చెప్పిన దాన్నిబట్టి ఆ హాఫ్ పిల్ల చేయి ఒంటికి ఆనుకునే ఉంది, బంతి రాయి తగిలినట్టు ఎగిరి వచ్చింది. బయట నిలబడి "హ్యాండ్, హ్యాండ్" అని అరిచిన పెద్దవాళ్లు పాత నిబంధన గుర్తుపెట్టుకుని అరిచి ఉంటారు. వాళ్లు అరవడం విని మీకు ఆవేశం వచ్చింది.

ఈ తేడా కెప్టెన్‌కు తెలిసి ఉంటే అడిగే ప్రశ్నే మారిపోతుంది. "అది హ్యాండ్ కదా సర్, ఎలా ఇస్తారు?" అని అడిగావు నువ్వు. అది ప్రశ్న కాదు, నింద. దానికి ఆయన దగ్గర ఉన్న జవాబు ఒకటే, వెనక్కి వెళ్లమని చెయ్యి ఊపడం. అదే, "సర్, చేయి తగిలింది హాఫ్‌కా, గోల్ కొట్టిన అమ్మాయికా? మీరు చూశారా, లైన్స్‌మన్ చూశారా?" అని అడిగి ఉంటే ఆయన జవాబు చెప్పేవారు. అది వినగానే గోల్ నిలుస్తుందా లేదా అన్నది నీకే తెలిసిపోయేది. ఒకవేళ నిజంగానే ఫార్వర్డ్ చేతికి తగిలి ఆయనకు కనపడకపోయి ఉంటే, నీ ప్రశ్న వల్ల ఆయన లైన్స్‌మన్ దగ్గరికి వెళ్లేవారు.

ఇక్కడ సమయం చాలా ముఖ్యం. రెఫరీ తన నిర్ణయం మార్చుకోగలిగేది ఆట మళ్లీ మొదలయ్యేలోపే. గోల్ తర్వాత మధ్య గీత దగ్గర కిక్ ఆఫ్ తీసుకున్నారంటే అంతే, ఆ తర్వాత ఆయన తప్పని ఆయనకే తెలిసినా వెనక్కి తీసుకోలేరు. గోల్ పడినప్పటి నుంచి కిక్ ఆఫ్ దాకా మామూలుగా ఒక నిమిషం అటూ ఇటూ ఉంటుంది. ఆ కొద్ది సేపూ నీది. దాన్ని మీరు అయిదుగురు అరవడానికి వాడేశారు. ఆయనకు మీ అయిదుగురినీ దూరంగా నెట్టడమే పని అయిపోయింది. లైన్స్‌మన్ వైపు చూసే తీరిక కూడా దొరకలేదు.

ఎలా వెళ్లాలో చెప్తాను, నాకు ఒక పాత రెఫరీ నేర్పినది. పరుగెత్తుకుంటూ వెళ్లకు, నడిచి వెళ్లు. పరుగున వచ్చే మనిషిని చూస్తే ఎవరికైనా చెయ్యి జేబు వైపు పోతుంది. ఎదురుగా ముఖంలో ముఖం పెట్టి నిలబడకు, పక్కన ఒక బారెడు దూరంలో నిలబడు. చేతులు వెనక్కి కట్టుకో. ఆయన వేరొకరితో మాట్లాడుతుంటే ఆగు. "సర్" అని పిలిచి ఒక్క ప్రశ్న అడుగు, జవాబు పూర్తిగా విను. నచ్చకపోయినా "సరే సర్" అని వెనక్కి రా. మళ్లీ ఇంకోసారి అదే విషయానికి వెళ్లకు. ఒక మ్యాచ్‌లో ఇలా రెండుసార్లు వెళ్లావంటే మూడోసారి నువ్వు వస్తున్నప్పుడు ఆయన ఆగి వింటారు. ఇరవైసార్లు వెళ్తే నీ మాటకు విలువ ఉండదు.

2024లో జర్మనీలో జరిగిన యూరో కప్ చూశావు కదా. ఆ పోటీలో కెప్టెన్ తప్ప ఇంకెవరూ రెఫరీ దగ్గరికి రాకూడదని ముందే చెప్పారు, వచ్చినవాళ్లకు ఎల్లో కార్డు. గోలీ కెప్టెన్ అయితే అంత దూరం నుంచి రావడం కుదరదు కాబట్టి ఆ గోలీకి బదులు ఎవరు మాట్లాడతారో ముందే చెప్పాలి. తర్వాత ఆ పద్ధతిని ఏ పోటీవాళ్లైనా పెట్టుకోవచ్చని నిబంధనలు తయారుచేసే ఐఫ్యాబ్ వీలు కల్పించింది. మీ పోటీలో అది ఉందో లేదో టాస్ దగ్గరే రెఫరీని అడుగు. ఉన్నా లేకపోయినా మీరు మాత్రం అలాగే ఆడండి.

అయితే నువ్వు ఒక్కదానివే వెళ్లాలంటే మిగతా నలుగురినీ ఎవరో ఒకరు ఆపాలి కదా. నిన్న ఆ పని ఎవరికీ అప్పగించలేదు. మ్యాచ్‌కు ముందే ఇద్దరిని అనుకో. నెమ్మదైన పిల్లల్ని చూసుకో, ఆట బాగా ఆడేవాళ్లే కానక్కర్లేదు. విజిల్ పడి గొడవ మొదలవగానే ఒకరు స్టాపర్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాలి, ఇంకొకరు రెఫరీకీ మిగతావాళ్లకూ మధ్య నిలబడాలి, ముఖం మనవాళ్ల వైపు తిప్పి. వాళ్లు రెఫరీతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. నువ్వు తిరిగొచ్చి ఆయన చెప్పింది ఉన్నది ఉన్నట్టు జట్టుకు చెప్పాలి. "తగిలింది హాఫ్‌కట, పొరపాటున తగిలిందట, గోల్ ఉంది. వదిలెయ్యండి, కిక్ ఆఫ్ మనది." ఇంతే. ఆయన చెప్పని మాట కలపకు. "ఆయనకేం తెలీదు" అని ఒక్క మాట నువ్వన్నావంటే ఆ మాట పట్టుకుని తర్వాతి పది నిమిషాలూ అందరూ బంతిని వదిలి ఆయన్నే చూస్తుంటారు.

నిన్న మీ స్టాపర్ విషయంలో జరిగింది అదే. 52కూ 63కూ మధ్య పదకొండు నిమిషాలున్నాయి. ఆ పదకొండు నిమిషాల్లో ఆ పిల్ల ఎలా ఉందో గుర్తు తెచ్చుకో. నువ్వే చెప్పావు, త్రో ఇచ్చినా చేతులెత్తిందట, ఎవరో పాస్ తప్పితే తిట్టిందట, ముందు ఎప్పుడూ వెనక ఉండే మనిషి బంతి కోసం మధ్య గీత దాకా వెళ్లిపోయిందట. స్టాపర్‌గా ఆడినవాణ్ని కాబట్టి నాకు తెలుసు, ఎల్లో పడి మనసు చెదిరిన స్టాపర్ అచ్చం అలాగే ఆడుతుంది. బంతి తన దగ్గరికి వచ్చేదాకా ఆగలేదు. ఎదురెళ్తుంది, అర అడుగు ఆలస్యమవుతుంది, కాలు మనిషికి తగులుతుంది. అది నువ్వు చూడాలి. చూసి మూడు పనులు చేయొచ్చు. బంతి బయటికి పోయినప్పుడు దగ్గరికి వెళ్లి "నీకు కార్డుంది, కింద పడి ట్యాకిల్ చేయొద్దు, నిలబడి ఆపు, నేను వెనక కవర్ చేస్తా" అని మెల్లగా చెప్పొచ్చు. పక్క స్టాపర్‌తో మనిషిని మార్చుకోమనొచ్చు, వాళ్ల వేగమైన ఫార్వర్డ్‌ను కార్డు లేని పిల్ల చూసుకునేలా. అదీ పని చేయకపోతే గీత దగ్గరికి వెళ్లి కోచ్ సార్‌తో "సార్, ఆమెను దించండి" అని చెప్పాలి. స్నేహితురాలిని దించమని చెప్పడం కష్టమే. కానీ దించితే పదకొండు మందితోనే ఆడేవాళ్లు.

రెండో గోల్ సంగతి రాయాలంటే టాస్ దగ్గరికి వెళ్లాలి. టాస్ గెలిచి పడమటి గోల్ తీసుకున్నానని, ఎండ మన గోలీ వీపు మీద పడేలా చూశానని సంతోషంగా చెప్పావు. మామూలుగా మైదానాలు ఉత్తరం దక్షిణంగా వేసేది ఈ ఎండ గొడవ లేకుండానే. మీరాడింది తూర్పు పడమర. మూడున్నరకు మొదలైన మ్యాచ్‌లో మొదటి సగం అయ్యేసరికి నాలుగుంపావు. అప్పటికింకా పొద్దు పైనే ఉంటుంది. రెండో సగానికి వైపులు మారాలి కాబట్టి మీ గోలీ తూర్పు గోల్‌లోకి వెళ్లింది, ముఖం పడమటికి. 80వ నిమిషం అంటే గడియారంలో అయిదు దాటి ఉంటుంది. ఈ చలికాలంలో ఆ వేళకు పొద్దు సరిగ్గా కళ్లలోకి కొడుతుంది. పైనుంచి వచ్చిన బంతి ఆ పిల్లకు ఎలా కనపడుతుంది? టాస్ గెలిస్తే రెఫరీ నిన్ను అడిగేది ఏ గోల్ మీద దాడి చేస్తావు, లేక కిక్ ఆఫ్ తీసుకుంటావా అని. ఆ ఒక్క జవాబు చెప్పే ముందు రెండో సగం చివర్లో పొద్దు ఎక్కడుంటుందో ఆలోచించుకో. మొదట కాస్త ఎండను భరించి, చివర్లో వీపు వైపు పెట్టుకోవాలి. గోలీ టోపీ పెట్టుకోవచ్చు, నిబంధనల్లో ఉంది. ఒకటి కొనిపెట్టండి. జులై, ఆగస్టుల్లో మన అనంతపురం వచ్చి ఆడితే ఎండకంటే గాలి సంగతి చూసుకోవాలి. ఇక్కడి గాలికి గోల్ కిక్ వెనక్కి తిరిగొస్తుంది.

ఇప్పుడు నాకు రాయడానికి కష్టమైనది. హాఫ్ టైమ్ గురించి.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఇక్కడ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఒక మ్యాచ్. మాకు డ్రెస్సింగ్ రూమ్ అంటే గది కాదు, వేపచెట్టు కింద పరిచిన టార్పాలిన్, ఒక బిందె నీళ్లు, రెండు గ్లాసులు. హాఫ్ టైమ్‌కు ఒక గోల్ వెనకబడ్డాం. మా ఎడమ బ్యాక్ తన మనిషిని వదిలేశాడు, అక్కడి నుంచే గోల్ పడింది. నేను వచ్చీ రాగానే అందరి ముందూ వాడి మీద పడ్డాను. ఎంతసేపు అరిచానో నాకు తెలీదు. ఎవరూ సరిగా నీళ్లు తాగలేదు. కోచ్ గారు మాట్లాడదామనుకునే లోపు రెఫరీ విజిల్ వేశారు. రెండో సగంలో ఆ పిల్లవాడు బంతి అడగడం మానేశాడు. బంతి తన దగ్గరికి వస్తే వెంటనే ఎటో కొట్టేసేవాడు. అవతలివాళ్లు అది పసిగట్టి అటువైపే వచ్చారు. ఇంకో రెండు గోల్స్ పడ్డాయి. మ్యాచ్ అయ్యాక బూటు విప్పితే చీలమండ వాచిపోయి ఉంది. ఇరవయ్యో నిమిషంలోనే మెలిక పడిందట. వాడు చెప్పలేదు, నేను అడగలేదు. వాడు మనిషిని వదిలింది నిర్లక్ష్యంతో కాదు, పరుగెత్తలేక. ఆ తర్వాత వాడు ఆ సంవత్సరం మళ్లీ ఆడలేదు. ఆ రోజు నేను అడగాల్సింది ఒక్క ప్రశ్న. ఇన్నేళ్లయినా ఆ వేపచెట్టు వైపు వెళ్తే నాకు అదే గుర్తొస్తుంది.

అందుకని నువ్వు ఇలా చెయ్యి. హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలకు మించకూడదు. నడిచి రావడానికి, తిరిగి వెళ్లడానికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి. మిగిలిన దానిలో మొదటి రెండు మూడు నిమిషాలు ఎవరూ ఆట గురించి మాట్లాడొద్దు. కూర్చోవాలి, నీళ్లు తాగాలి. ఆ సమయంలో నువ్వు కూర్చోకు. ఒక్కొక్కరి దగ్గరా వంగి మెల్లగా రెండు ప్రశ్నలు అడుగు. "ఎక్కడైనా నొప్పి ఉందా?" ఒకటి. "నిన్ను ఎవరు దాటిపోతున్నారు?" రెండోది. పదిమందినీ అడగలేకపోతే గోలీని, ఇద్దరు స్టాపర్లని, బాగా పరుగెత్తిన వింగర్లని అడుగు. బాగున్నానని నేల చూస్తూ చెప్పే పిల్లను కాలు కదిపి చూపించమను. నీకు తెలిసినవాటిలో ముఖ్యమైనవి రెండే కోచ్ సార్‌కు పక్కకు తీసుకెళ్లి చెప్పు. బయట గీత దగ్గర నిలబడే ఆయనకు అవతలి పక్క వింగ్‌లో ఏం జరుగుతోందో నీకు తెలిసినంత తెలీదు. తర్వాత ఆయన మాట్లాడతారు. ఆయన మాట్లాడుతుంటే నువ్వు మధ్యలో రావొద్దు, ఆయన చెప్పింది నీకు నచ్చకపోయినా సరే. జట్టు ముందు మీరిద్దరూ రెండు మాటలు చెప్తే పిల్లలు ఏదీ వినరు.

చివర్లో లేచి నిలబడ్డాక నువ్వు మాట్లాడు, రెండు వాక్యాలు. ఎవరి తప్పూ ఎత్తకు. పని చెప్పు. "మొదటి అయిదు నిమిషాలు వాళ్ల హాఫ్‌లోనే ఆడదాం, కుడి వైపు నుంచి వెళ్దాం" అన్నట్టు. తప్పు చెప్పాల్సి వస్తే ఆ మనిషి ఒక్కరికే చెప్పు, మైదానంలోకి నడుస్తున్నప్పుడు, పక్కన నడుస్తూ.

నిన్న మ్యాచ్ అయ్యాక రూములో అందరి ముందూ ఏడ్చానని, కెప్టెన్‌గా అది తప్పని అన్నావు. డెన్మార్క్ కెప్టెన్ సైమన్ కేర్ గుర్తున్నాడా? 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో ఫిన్లాండ్‌తో మ్యాచ్ ఆడుతుండగా వాళ్ల జట్టు ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ గుండె ఆగి మైదానంలోనే కుప్పకూలాడు. కేర్ పరుగున వెళ్లి దగ్గర నిలిచాడు. డాక్టర్లు పని చేస్తుంటే కెమెరాలకు కనపడకుండా ఆటగాళ్లు చుట్టూ గోడలా నిలబడ్డారు. ఎరిక్సెన్ భాగస్వామి మైదానంలోకి వస్తే ఆమెను పట్టుకుని ఓదార్చాడు. ఎరిక్సెన్ బతికాడు. అదే సాయంత్రం మ్యాచ్ మళ్లీ మొదలైంది, కానీ రెండో సగం మధ్యలోనే కేర్ బయటికి వచ్చేశాడు, మనసు తట్టుకోలేక. ఆయన్ని ఎవరూ తక్కువగా చూడలేదు. నువ్వు ఏడ్చావు, సరే. ఏడ్చే ముందు మీ స్టాపర్ ఎక్కడ కూర్చుందో చూశావా? రెడ్ కార్డు పడిన పిల్ల మామూలుగా అందరికంటే ముందే బట్టలు మార్చుకుని బ్యాగు సర్దుకుని బయట ఒక్కతే ఉంటుంది. నీ మాటల్లో ఆమె గురించి ఆ తర్వాత ఏమీ రాలేదు. అందుకే అడుగుతున్నాను.

రేపు క్లాసుల తర్వాత ఆమె రూముకు వెళ్లు. మ్యాచ్ గురించి నువ్వు మొదలుపెట్టకు. ఆమె మొదలుపెడితే ఆ గోల్ ఎందుకు చెల్లుతుందో చెప్పు. లేకపోతే వచ్చే ఏడు కూడా ఆమె అదే కోపంతో ఆడుతుంది. రెడ్ కార్డు కాబట్టి ఆదివారం ఆడలేదు, అయినా జట్టుతో పాటు రమ్మను. హాఫ్ టైమ్‌లో నీళ్లు అందించే పని ఆమెకు ఇవ్వు, గోలీ పక్కన కూర్చోబెట్టు. ఆ రెఫరీ మళ్లీ కనపడితే దగ్గరికి వెళ్లి చెయ్యి కలుపు. "ఆ రోజు మేం అలా రాకూడదు సర్" అను, అంతే. ఆయన ఏమీ అనకపోయినా పర్లేదు.

నేను శనివారం రాత్రికి కడప చేరతాను. అమ్మ ఓళిగలు చేస్తోంది, జట్టు మొత్తానికి సరిపడా. గోలీ టోపీకి తల కొలత రాసి పంపు, ఇక్కడే కొని తెస్తాను. స్టాపర్ ఏమందో కూడా చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న